స్ట్రైక్ ఆఫ్ అయిన కంపెనీని మళ్లీ రిజిస్టర్‌లోకి తేవడం: నా అనుభవం

"ఐటీ రిటర్నులు వేస్తూనే ఉన్నాం, జీఎస్టీ కడుతూనే ఉన్నాం, మరి కంపెనీ ఎలా పోయిందండీ?" స్ట్రైక్ ఆఫ్, అంటే రిజిస్టర్ నుంచి కంపెనీ పేరు తీసేసిన ఫైలు ఏది వచ్చినా మొదట వినపడేది ఈ మాటే. ఆదాయపు పన్ను వాళ్లకు ఇచ్చిన లెక్క కంపెనీల రిజిస్ట్రార్ అయిన ఆర్‌ఓసీకి చేరదు. కంపెనీ నడుస్తోందా లేదా అని ఆర్‌ఓసీ చూసేది ముఖ్యంగా రెండు ఫారాల్లో: ఆర్థిక నివేదికల AOC-4, వార్షిక రిటర్ను MGT-7 (చిన్న కంపెనీలకు MGT-7A). ఇవి కొన్నేళ్లు రాకపోతే, రెండు ఆర్థిక సంవత్సరాలుగా వ్యాపారం లేదని నమ్మడానికి కారణం ఉందంటూ కంపెనీల చట్టం 2013 సెక్షన్ 248(1) కింద పేరు తీసేసే పని మొదలవుతుంది. 2017లో ఒక్క ఊపులో రెండు లక్షలకు పైగా కంపెనీలు ఇలాగే పోయాయి. వాటి బ్యాంకు ఖాతాలనూ ఆపేశారు.

ఇక్కడ చెప్పేది ఒక మామూలు ఫైలు సంగతి. మేడ్చల్ వైపు గోడౌను ఉన్న ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఇద్దరు డైరెక్టర్లు, వాళ్లే వాటాదారులు. గోడౌను అద్దెకిచ్చారు, అద్దె మీద జీఎస్టీ కడుతున్నారు. ఆర్‌ఓసీ పనులు చూసే అకౌంటెంటు మానేశాక ఫైలింగులు ఆగిపోయాయి. ఆ గోడౌను మీద లోను అడిగితే, బ్యాంకు లాయరు కంపెనీ వ్యవహారాల శాఖ ఎంసీఏ సైటు తీసి చూసి కాగితాలు వెనక్కి ఇచ్చేశారు.

అలాంటప్పుడు మొదట చూడాల్సింది mca.gov.in లో మాస్టర్ డేటా. లాగిన్ అయ్యి `View Company/LLP Master Data` లో పేరు గానీ, కంపెనీ గుర్తింపు సంఖ్య అయిన సీఐఎన్ గానీ కొడితే వస్తుంది. రాష్ట్ర విభజనకు ముందు పెట్టిన తెలంగాణ కంపెనీ అయితే పాత లెటర్‌హెడ్ మీద సీఐఎన్‌లో `AP` ఉంటుంది, సైటులో అది `TG` గా మారి ఉంటుంది. పాత నంబరు కొట్టి "రికార్డు లేదు" అని కంగారు పడేవాళ్లు ఉన్నారు. పేరుతో వెతికితే దొరుకుతుంది. ఈ కంపెనీకి కనిపించిన వరుసలు ఇవి:

```
Date of last AGM         30/09/2019
Date of Balance Sheet    31/03/2019
Company Status           Strike Off
```

మూడో వరుస కంటే రెండోదే ఎక్కువ చెబుతుంది. చివరిగా దాఖలైన బ్యాలెన్స్ షీటు 2018-19ది. అంటే 2019-20 నుంచి అన్నీ బాకీ. ఖర్చెంత అవుతుందో, డైరెక్టర్ల మీద అనర్హత పడిందో లేదో ఈ ఒక్క తేదీ నుంచే అంచనా వేయొచ్చు.

స్టేటస్ దగ్గర `Strike Off` కాకుండా `Under Process of Striking Off` అని ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. అది ఇంకా నోటీసుల దశ. ముందు కంపెనీకి, డైరెక్టర్లకు STK-1 వస్తుంది, జవాబుకు 30 రోజులు. తర్వాత STK-5 బహిరంగ ప్రకటన, అభ్యంతరాలకు మరో 30 రోజులు. ఈ దశలో కంపెనీ నడుస్తోందని కాగితాలతో సహా ఆర్‌ఓసీకి రాసి, బాకీ ఫారాలు దాఖలు చేస్తే పని చాలావరకు అక్కడే తెగిపోతుంది, కంపెనీ లా ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌టీ గడప ఎక్కక్కర్లేదు. చివరిది STK-7. అది గెజిట్‌లో వచ్చిందంటే కంపెనీ రద్దయినట్టే. సెక్షన్ 250 ప్రకారం రావాల్సిన డబ్బు రాబట్టుకోవడానికి, అప్పులు తీర్చడానికి తప్ప ఇక దేనికీ అది లేదు.

మన ఫైల్లో STK-1 చేతికి అందలేదు. రిజిస్టర్డ్ ఆఫీసు మారినా చిరునామా మార్పు ఫారం INC-22 వేయలేదు కాబట్టి ఉత్తరం పాత చిరునామాకు వెళ్లి తిరిగొచ్చింది. మాస్టర్ డేటాలో ఉన్న ఈ-మెయిలు ఆ మానేసిన అకౌంటెంటుది. "మాకు నోటీసే రాలేదు" అన్న వాదన మీదే అప్పీలు కట్టాలని చాలామందికి ఉంటుంది. నేనైతే దాన్ని ఒక పేరాతో సరిపెడతాను. చిరునామా మార్చినప్పుడు చెప్పాల్సింది కంపెనీయే కదా అని ఆర్‌ఓసీ ఒక్క మాటతో కొట్టేస్తారు. బలం చూపించాల్సింది వేరే చోట.

ఆ చోటు సెక్షన్ 252. అందులో రెండు దారులున్నాయి, అవి కలగాపులగం అయితే పిటిషన్ మొదట్లోనే ఇరుక్కుంటుంది. 252(1) కింద ఆర్‌ఓసీ ఆర్డరు వల్ల నష్టపోయిన ఎవరైనా అప్పీలు చేయొచ్చు, కానీ ఆర్డరు తేదీ నుంచి మూడేళ్లలోపే. 252(3) కింద గెజిట్‌లో ప్రకటన వచ్చిన నాటి నుంచి ఇరవై ఏళ్ల వరకు గడువుంది, కానీ అడగగలిగింది కంపెనీ, వాటాదారు, అప్పిచ్చినవారు, కార్మికుడు మాత్రమే. డైరెక్టరు అన్న హోదా ఆ జాబితాలో లేదు. వాటా లేని డైరెక్టరు మూడేళ్లు దాటాక పిటిషన్ వేస్తే అర్హత దగ్గరే ప్రశ్న వస్తుంది. అందుకే కంపెనీ పేరుతో వేయడం కంటే వాటాదారు చేత వేయించడమే నాకు నచ్చుతుంది. రద్దయిన కంపెనీ బోర్డు తీర్మానం ఎలా చేసిందన్న చర్చే ఉండదు. వాటా సర్టిఫికెట్టు, చివరి వార్షిక రిటర్నులోని వాటాదారుల జాబితా జతచేస్తే హోదా రుజువైపోతుంది. ఆ పాత రిటర్ను ఎవరి దగ్గరా లేకపోతే ఎంసీఏలో `View Public Documents` కింద వంద రూపాయలు కట్టి దించుకోవచ్చు. కంపెనీ స్ట్రైక్ ఆఫ్ అయినా పాత దాఖలాలు అక్కడే ఉంటాయి.

ట్రిబ్యునల్ పేరును తిరిగి చేర్చమనాలంటే, తీసేసిన నాటికి కంపెనీ వ్యాపారం చేస్తూనో, పనిలోనో ఉండాలి. లేదంటే తిరిగి చేర్చడం న్యాయమని ట్రిబ్యునల్‌కు అనిపించాలి. అసలు పోరంతా ఈ వాక్యం చుట్టూనే. కాగితాలు కూడా పేరు తీసేసిన తేదీకి అటూ ఇటూ ఉన్న కాలానివే కావాలి. 2015 నాటి టర్నోవరు ఎంత గొప్పదైనా 2023లో పోయిన కంపెనీకి పనికిరాదు. మన ఫైల్లో అద్దె జమ అవుతున్న బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆ నెలల GSTR-3B లు, ఐటీ రిటర్నుల రసీదులు, కరెంటు బిల్లులు, గోడౌను స్థలం సేల్ డీడు, తాజా ఈసీ పెట్టాం. జీఎస్టీ రిటర్నులో చూపిన అద్దె, బ్యాంకులో పడిన అద్దె నెలనెలా సరిపోవడం యాభై పేజీల వాదన కంటే ఎక్కువ పనిచేస్తుంది. వ్యాపారం అసలే లేదు, ఆస్తి మాత్రం ఉంది అన్న కంపెనీలు "న్యాయం" అన్న రెండో మాటను పట్టుకోవాలి. స్థలం పేరున ఉన్న కంపెనీ లేకుండా పోతే ఆ స్థలాన్ని అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ సంతకం పెట్టేవారే ఉండరని చూపించాలి.

బాకీ ఉన్న ఏళ్ల ఆర్థిక నివేదికలు కూడా పిటిషన్‌తోనే పెట్టాలి. ఇక్కడే కొందరు తెలివికి పోతారు. 2021 నాటి ఆడిట్ రిపోర్టును ఇప్పుడు తయారు చేసి దాని మీద 2021 తేదీ వేయమంటారు. 2019 జులై నుంచి ఆడిట్ రిపోర్టుకు యూడీఐఎన్ అనే విడి గుర్తింపు సంఖ్య తప్పనిసరి. ఆ పద్దెనిమిది అంకెల సంఖ్య ఎప్పుడు పుట్టిందో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ సైటులో ఎవరైనా చూడొచ్చు. పాత తేదీ వేసిన రిపోర్టు దొరికిపోతే కంపెనీ సంగతి అటుంచి, ఆడిటరు చిక్కుల్లో పడతారు. ఇవాళ చేసిన ఆడిట్‌కు ఇవాళ్టి తేదీయే వేయాలి. ఆలస్యమైందని ఒప్పుకుంటే ట్రిబ్యునల్ ఖర్చులు వేసి వదిలేస్తుంది.

అప్పీలు ఫారం NCLT-9, దానికి అఫిడవిట్ NCLT-6. రుసుము వెయ్యి రూపాయలే. మన కంపెనీ తెలంగాణది కాబట్టి హైదరాబాద్ బెంచి. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్నవాటికి అమరావతి బెంచి. లాయరే కావాలని లేదు, ప్రాక్టీసులో ఉన్న కంపెనీ సెక్రటరీ, చార్టర్డ్ అకౌంటెంటు, కాస్ట్ అకౌంటెంటు కూడా హాజరు కావచ్చు. ముందు efiling.nclt.gov.in లో దాఖలు, తర్వాత కాగితం సెట్లు. మన వైపు ఫైళ్లలో రిజిస్ట్రీ తరచూ పట్టే లోపం ఒకటుంది: తెలుగులో ఉన్న సేల్ డీడు, పాత అద్దె ఒప్పందం అలాగే జతచేయడం. ఇంగ్లీషు అనువాదం లేకపోతే ఫైలు వెనక్కి వస్తుంది. లోపాలు సరిదిద్దడానికి ఇచ్చేది ఏడు రోజులు. అనువాదం అప్పుడు మొదలుపెడితే ఆ గడువు చాలదు.

ప్రార్థనలో ఏం అడుగుతున్నామో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. పేరును తిరిగి చేర్చమని మాత్రమే రాసి ఊరుకుంటే, తర్వాత ఒక్కోదానికీ మళ్లీ తిరగాల్సి వస్తుంది. స్టేటస్‌ను `Active` గా మార్చమని, బాకీ ఫారాలు తీసుకోమని, బ్యాంకు ఖాతా మీద ఆంక్ష ఎత్తేయమని విడివిడిగా అడగాలి.

పిటిషన్ వేసిన తర్వాత రెండు చోట్ల కన్నేసి ఉంచాలి, ఆ రెండూ ఒకే మాట చెప్పవు. nclt.gov.in లో మొదట కనిపించేది ఫైలింగ్ నంబరు. లోపాలన్నీ పోయాకే కేసు నంబరు పడుతుంది, అందులో `252` అన్న సెక్షను, `HDB` అన్న బెంచి గుర్తు ఉంటాయి. ఫైలింగ్ నంబరుతో వెతుకుతూ వారాల తరబడి కదలిక లేదంటే, అది బెంచి ముందుకు వెళ్లలేదని, రిజిస్ట్రీ దగ్గర లోపాల్లోనే ఆగిందని అర్థం. చాలామంది దీన్ని "కేసు నడుస్తోంది" అనుకుంటారు. కేసు నంబరు వచ్చాక రోజువారీ కాజ్ లిస్టు చూడాలి. వాయిదా తేదీ కేసు స్టేటస్‌లో ఒకటి ఉండి, కాజ్ లిస్టులో మరొకటి వస్తే కాజ్ లిస్టునే నమ్మాలి. ఈ కాలమంతా ఎంసీఏ మాస్టర్ డేటా మాత్రం `Strike Off` అనే చూపిస్తూ ఉంటుంది. పిటిషన్ వేసిన సంగతి అక్కడ పడదు.

మొదటి వాయిదాకు నోటీసు ఇమ్మంటారు. విచారణ తేదీకి కనీసం 14 రోజుల ముందే అప్పీలు కాపీ ఆర్‌ఓసీకి చేరాలని రూలు 87ఏ. బెంచీలు తరచూ ఆదాయపు పన్ను శాఖకూ ఇవ్వమంటాయి. స్పీడ్ పోస్టు రసీదుతో పాటు ట్రాకింగ్‌లో `Item Delivered` అన్న పేజీని కూడా అఫిడవిట్‌కు జతచేయాలి. కొన్నాళ్లు పోతే తపాలా సైటులో ఆ వివరం కనిపించదు, అందిన రోజే ప్రింటు తీసి పెట్టుకోవాలి. ఆర్‌ఓసీ నివేదిక సాధారణంగా ఒక మూసలో ఉంటుంది: కంపెనీ ఇన్నేళ్లు ఫైలింగులు చేయలేదు, చట్ట ప్రకారమే తీసేశాం, బాకీలన్నీ అదనపు రుసుముతో దాఖలు చేస్తే మాకు అభ్యంతరం లేదు. అలా వస్తే సగం గెలిచినట్టే. ఆదాయపు పన్ను వాళ్ల నుంచి బాకీ లెక్క వస్తే దాచకుండా, కట్టిన చలానా గానీ అప్పీలు కాగితం గానీ అదే వాయిదాలో పెట్టేయాలి.

ఆర్డరు వచ్చాక కేసు స్టేటస్‌లో `Disposed` అని పడుతుంది. క్లయింటు ఆ మాట చూసి బ్యాంకుకు పరిగెడతాడు, బ్యాంకు మాస్టర్ డేటా చూసి వెనక్కి పంపుతుంది. ఆర్డరుకీ `Active` కీ మధ్య ఇంకో మెట్టుంది. ఆర్డరు ధ్రువీకృత ప్రతిని INC-28 తో ఆర్‌ఓసీకి దాఖలు చేయాలి, ఆర్డరు తేదీ నుంచి 30 రోజుల్లో. ఆ ప్రతి చేతికొచ్చిన రోజు నుంచి కాదు. ప్రతి కోసం ఆర్డరు రోజే అర్జీ పెట్టకపోతే నెల అందులోనే కరిగిపోతుంది. సైటులో దించుకున్న ఆర్డరు పీడీఎఫ్ జతచేస్తే, ధ్రువీకృత ప్రతి కాదంటూ ఫారం తిరిగొస్తుంది. ట్రిబ్యునల్ వేసిన ఖర్చులు కట్టిన రసీదు కూడా ఇక్కడే పెట్టాలి.

INC-28 వేశాక వచ్చే దరఖాస్తు నంబరు ఎస్‌ఆర్‌ఎన్‌తో ఎంసీఏలో ట్రాక్ చేయొచ్చు. రీసబ్మిషన్ కోరితే 15 రోజుల్లో సరిచేసి పంపాలి, ఆ గడువు దాటితే ఫారం పోయినట్టే. ఆర్‌ఓసీ ఆమోదించాక మాస్టర్ డేటా `Active` అవుతుంది. INC-28 ఆమోదం వచ్చి కూడా స్టేటస్ మారకపోతే ఎస్‌ఆర్‌ఎన్, ఆర్డరు ప్రతి పట్టుకుని ఆర్‌ఓసీ ఆఫీసుకు రాతపూర్వకంగా అడగాలి. మళ్లీ INC-28 వేయడం దండగ.

అసలు జేబు ఖాళీ అయ్యేది ఆ తర్వాత. AOC-4, MGT-7 లకు ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల అదనపు రుసుము, దానికి గరిష్ఠ పరిమితి లేదు. కంపెనీ రద్దయి ఉన్న కాలానికి కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది. మన ఫైలు లెక్క 2025 అక్టోబరు 30న దాఖలు చేస్తే ఎంతవుతుందని చూద్దాం. 2022-23 సంవత్సరానికి వాటాదారుల వార్షిక సమావేశం, అంటే ఏజీఎం గడువు 2023 సెప్టెంబరు 30. AOC-4 కు 2023 అక్టోబరు 30 వరకు గడువు, అక్కడి నుంచి 731 రోజులు, రూ.73,100. MGT-7 గడువు 2023 నవంబరు 29, అక్కడి నుంచి 701 రోజులు, రూ.70,100. ఒక్క ఏడాదికే రూ.1,43,200. వెనక్కి వెళ్లే ప్రతి ఏడాదికీ ఇంకో 73,000 చొప్పున పెరుగుతుంది. 2019-20 నుంచి 2023-24 దాకా అయిదేళ్లకు కలిపితే రూ.10,80,800. కోవిడ్ వల్ల మొదటి రెండేళ్ల ఏజీఎం గడువు పొడిగించారు కాబట్టి అందులో ముప్పై వేల దాకా తగ్గుతుంది. అసలు ఫీజు ఫారానికి వందల్లోనే.

పిటిషన్ వేయకముందే ఈ లెక్క క్లయింటు ముందు పెట్టాలి. గోడౌను ఉన్నవాళ్లకు పదిన్నర లక్షలు గిట్టుబాటే. ఖాతాలో రెండు లక్షలు తప్ప ఏమీ లేని కంపెనీకి ఇదంతా ఎందుకో ఆలోచించాలి. ప్రభుత్వం అప్పుడప్పుడు అదనపు రుసుము తగ్గించే పథకాలు పెడుతుంది. 2018 నాటి ఆలస్య మన్నింపు పథకం అలాంటిదే. దాఖలు చేసే నాటికి అలాంటిది ఏదైనా అమల్లో ఉందా, తిరిగి చేర్చిన కంపెనీకి వర్తిస్తుందా అని చూసుకోవాలి. దాన్ని నమ్ముకుని పిటిషన్ వాయిదా వేయకూడదు.

ఫారాల వరుస కూడా ముఖ్యమే. ముందు ఆడిటర్ నియామకపు ADT-1, తర్వాత పాత ఏడాది నుంచి ఒక్కో ఏడాదికి AOC-4, వెంటనే MGT-7. ట్రిబ్యునల్ ఇచ్చిన గడువు వీటన్నిటికీ కలిపే. 2017 డిసెంబరు 31 లోపు పెట్టిన కంపెనీ అయితే రిజిస్టర్డ్ ఆఫీసు వివరాలిచ్చే INC-22A కూడా చూసుకోవాలి, దానికి ఆలస్య రుసుము పది వేలు.

చివరి చిక్కు డైరెక్టర్లది. వరుసగా మూడేళ్లు ఫైలింగులు లేకపోతే సెక్షన్ 164(2) కింద అయిదేళ్ల అనర్హత. కంపెనీ తిరిగొచ్చినంత మాత్రాన ఆ అనర్హత దానంతట అది పోదు. 252 కింద మేం దాన్ని చూడలేమని బెంచీలు తరచూ అంటాయి. డైరెక్టర్ల గుర్తింపు సంఖ్యలైన డీఐఎన్‌లు ఇద్దరివీ ఆగిపోయి ఉంటే సంతకం దగ్గరే ఫారం ముందుకు పోదు. కాబట్టి పిటిషన్‌కు ముందే ఎంసీఏలో డైరెక్టర్ల వివరాలు తెరిచి డీఐఎన్ స్టేటస్ చూడాలి. కేవైసీ చేయక ఆగిందా, అనర్హత వల్ల ఆగిందా తేల్చుకోవాలి. మొదటిది అయిదు వేలు కట్టి కేవైసీ చేస్తే తెరుచుకుంటుంది. రెండోదైతే, ఆర్డరు అమలుకు కావాల్సిన ఫారాల మీద సంతకం చేసే వీలు కల్పించమని ప్రార్థనలోనే చేర్చాలి, లేదా ఆ ముక్కకు హైకోర్టుకు వెళ్లాలి.

ఫైలింగులన్నీ అయ్యాక ఆలస్యానికి ఆర్‌ఓసీ నుంచి పెనాల్టీ విచారణ నోటీసు రావచ్చు. అదనపు రుసుము కట్టాం కదా అంటే చెల్లదు, సెక్షన్లు 92(5), 137(3) కింద అది వేరే లెక్క. చిన్న కంపెనీ అయితే 446బి కింద సగానికి తగ్గించమని జవాబులో అడగాలి. ఆ నోటీసు ఈసారైనా చేతికి అందాలంటే, స్టేటస్ `Active` అయిన వారంలోనే INC-22 వేసి చిరునామా మార్చి, మాస్టర్ డేటాలో ఉన్న ఆ పాత అకౌంటెంటు ఈ-మెయిలు తీసేయించాలి.